130 రూపాయల కంది పొడికి 90 రూపాయల డెలివరీ: ఆర్డర్ విలువ పెంచిన ఆరు నెలలు, నా అనుభవం

మాది ఒంగోలు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో స్థిరపడ్డాం. ఇంటి కిందున్న చిన్న పోర్షన్‌లో పచ్చళ్ళు, పొడులు చేయించి వాట్సాప్‌లోనూ, ఓ చిన్న వెబ్‌సైట్‌లోనూ అమ్ముతుంటాను. సాయానికి ఒక వంటావిడ ఉంది. సాయంత్రాలు ప్యాకింగ్‌కి ఒక అమ్మాయి వస్తుంది. ఈ ఏడాది జనవరి నుంచి జూన్ వరకు ఒకే పని మీద కూర్చున్నాను. కస్టమర్లను పెంచుకోవడం కాదు, వచ్చే ఆర్డర్ ఒక్కొక్కటీ కాస్త పెద్దదయ్యేలా చూడటం. ఇలాంటి వ్యాపారం చేసేవాళ్లు ఎవరైనా ఇదే ఆలోచనలో ఉంటే పనికొస్తుందని, ఏం చేశానో వరసగా రాస్తున్నాను. అంకెలన్నీ మావే. మీవి వేరుగా ఉంటాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం అదే.

సంక్రాంతి హడావిడి తగ్గాక డిసెంబరు ఆర్డర్ల పుస్తకం ముందేసుకున్నాను. పండగ నెల కాదు కాబట్టి అదే మామూలు లెక్క అనుకున్నా. ఆ నెల 120 ఆర్డర్లు, 40,840 రూపాయల అమ్మకం, అంటే ఆర్డర్‌కి సగటున 340. వినడానికి బాగానే ఉంది. కానీ రోజూ రాత్రి పది దాకా డబ్బాలకు టేపు వేస్తూ కూర్చున్నా నెలాఖరుకు చేతిలో ఏమీ కనపడటం లేదు. ఎక్కడ పోతోందో తెలియని ఆ టెన్షన్ చాలా విసిగించింది.

ముందు ఒక్క ఆర్డర్ గడప దాటడానికి ఎంతవుతుందో రాశాను. బైక్ డెలివరీకి సగటున 90 రూపాయలు. బెళ్ళందూరు అయితే తక్కువ, జయనగర్ వైపు అయితే ఎక్కువ. అట్టపెట్టె, బబుల్ కవరు, టేపు కలిపి 22. ప్యాకింగ్ అమ్మాయి సమయం 20. మొత్తం 132. కస్టమర్ దగ్గర డెలివరీకి 40 తీసుకుంటున్నాం కాబట్టి నా మీద పడేది 92. ఆర్డర్ 130ది అయినా 1,300ది అయినా దాదాపు ఇంతే.

ఇంకోపక్క సరుకు లెక్క. మిరపకాయలు, నూనె, పప్పులు, గ్యాసు, సీసా, లేబులు, వంటావిడ కూలి అన్నీ తీసేస్తే వంద రూపాయల అమ్మకంలో నాకు మిగిలేది సుమారు 40. అంటే ఆ 92 రూపాయలు రావాలంటే కనీసం 230 రూపాయల సరుకు పోవాలి. అంతకంటే తక్కువ ఆర్డర్ వచ్చిందంటే, నేను ఎదురు డబ్బులిచ్చి పచ్చడి పంపిస్తున్నట్టే.

ఇప్పుడు 120 ఆర్డర్లనూ మూడు కుప్పలుగా విడగొట్టాను. 220 లోపువి 50 ఉన్నాయి, వాటి సగటు 170. మధ్యలోవి 48, సగటు 330. 500 దాటినవి 22, సగటు 750. ఈ చివరివి ఎక్కువగా అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు కట్టించేవి, లేదా అపార్ట్‌మెంట్లలో నెలకోసారి తెప్పించుకునే కుటుంబాలవి. 340 అనే సగటు ఈ 22 ఆర్డర్ల పుణ్యం. రోజూ ఎక్కువగా వచ్చేది మాత్రం ఒక కంది పొడో, ఒక గోంగూరో. ఆ 50 చిన్న ఆర్డర్ల మీద నెలకు 1,200 రూపాయలు పోతున్నాయి. మొత్తం మీద నాకు మిగిలింది 5,296. కరెంటు బిల్లు, వెబ్‌సైట్ ఖర్చు ఇందులోంచే.

కనీస ఆర్డర్ పెట్టాలని ఆ రోజే తేలిపోయింది. ఎంత పెట్టాలన్న దగ్గర ఇంట్లో రెండు మాటలయ్యాయి. మా ఆయన 500 అన్నాడు, గుండ్రంగా ఉంటుందట! 500 పెడితే నా ఆర్డర్లలో నూటికి ఎనభై తలుపు దగ్గరే ఆగిపోతాయి. నేను చూసుకున్నది రెండే విషయాలు. అది 230 పైన ఉండాలి, నా ధరల పట్టికలోని రెండు వస్తువులతో దాన్ని అందుకోగలగాలి. కంది పొడి 130, గోంగూర 170, ఆవకాయ 180, ఊర మిరపకాయలు 80, గుమ్మడి వడియాలు 70. 250 అయితే గోంగూర, ఊర మిరపకాయలు తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఆవకాయ, వడియాలు తీసుకున్నా సరిపోతుంది. రెండు పొడులు తీసుకుంటే 260. అదే 300 పెడితే రెండు పొడులు తీసుకున్న మనిషి ఇంకో 40 రూపాయల దగ్గర ఇరుక్కుంటాడు. ఆ 40కి నా దగ్గర వస్తువే లేదు. అలాంటి చోటే జనం ఫోన్ పక్కన పడేసి వెళ్లిపోతారు. అందుకే 250 దగ్గర ఆగాను.

జనవరి నాలుగో వారంలో వాట్సాప్‌లో అందరికీ పెట్టిన మెసేజ్ ఇది: "నమస్కారమండి. ఫిబ్రవరి 1 నుంచి ఇంటికి డెలివరీ కావాలంటే ఆర్డర్ కనీసం 250 రూపాయలు ఉండాలి. మా దగ్గరికొచ్చి తీసుకెళ్తే ఎంతైనా ఇస్తాం. డెలివరీ ఛార్జీ మారలేదు, 40 రూపాయలే." కారణాలు ఏకరువు పెట్టలేదు. వెబ్‌సైట్‌లో కూడా ఇదే మాటను మొదటి పేజీలో, వస్తువుల పైనే పెట్టించాను. డబ్బు కట్టే చోటికి తీసుకెళ్లి అప్పుడు చెప్తే మనిషికి ఒళ్లు మండుతుంది. నాకైనా మండుతుంది.

మొదటి వారం భయంగానే గడిచింది. ఫోన్ ఊరికే తీసి చూసుకునేదాన్ని. సోమ, మంగళవారాల్లో ఆర్డర్లు బాగా పల్చబడ్డాయి. పీజీల్లో ఉండే కుర్రాళ్లు గట్టిగానే అడిగారు. "అక్కా, నేనొక్కడినే తినాలి, రెండు పొడులు ఏం చేసుకోను?" అన్నాడొకడు. మాట నిజమే. రూమ్‌లో ముగ్గురున్నారు కదా, కలిసి తెప్పించుకోండి అని చెప్పాను. కొందరు అలాగే చేశారు. కొందరు మళ్లీ రాలేదు. నెలనెలా ఒక్క గోంగూర సీసా తెప్పించుకునే ఒక పెద్దావిడ, హూడీలో ఉంటారు, ఫోన్ చేసి "నాకు అంతకంటే అక్కర్లేదమ్మా, మా అబ్బాయికి కారం పడదు" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నాకు ఇబ్బందిగా అనిపించింది.

ఆ ఫోన్ తర్వాతే శనివారం ఆలోచన వచ్చింది. కనీస మొత్తం పెట్టింది మనిషి మీద కోపంతో కాదు, 90 రూపాయల బైక్ ఖర్చు వల్ల. ఆ ఖర్చు పంచుకోగలిగితే కనీస మొత్తమే అక్కర్లేదు. హూడీ, వైట్‌ఫీల్డ్ వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్లకు వాట్సాప్ గ్రూపులుంటాయి. శుక్రవారం రాత్రికల్లా ఆ గ్రూపులో పేర్లు, వస్తువులు ఇచ్చేస్తే శనివారం ఉదయం అన్నీ ఒకే బండిలో గేటు దగ్గరికి తెస్తాం. అట్టపెట్టెలు ఉండవు, పేరు రాసిన కాగితపు సంచులే. కనీస మొత్తం లేదు, డెలివరీ ఛార్జీ కూడా లేదు. షరతు ఒక్కటే, ఒక అపార్ట్‌మెంట్ నుంచి మొత్తం కలిపి 1,000 రూపాయలు దాటాలి. ఆరుగురు కలిస్తే అయిపోతుంది. పెద్దావిడ గోంగూర ఇప్పుడు అలాగే వెళ్తోంది. గ్రూపులో అందరినీ గుర్తుచేసి పోగుచేసేది కూడా ఆవిడే.

ఫిబ్రవరి మధ్యలో మా ఆయన ఇంకో మాట తెచ్చాడు. "అందరూ ఇంత దాటితే ఫ్రీ డెలివరీ అని పెడతారు కదా, మనమూ 399కి పెడదాం." ఇది నాకూ నచ్చింది. కాకపోతే అప్పటికి లెక్క వేయకుండా ఏ పనీ చేయకూడదన్న మంకుపట్టు పట్టి ఉన్నాను. 330 ఆర్డర్ పంపితే నాకు మిగిలేది 40. అదే మనిషి 399 చేశాడనుకోండి, సరుకు మీద 160 వస్తుంది. కానీ డెలివరీ ఫ్రీ కాబట్టి ఇప్పుడు 132 మొత్తం నా మీదే పడుతుంది. మిగిలేది 28. ఆర్డర్ 69 రూపాయలు పెరిగి, నా చేతికి 12 తగ్గింది!

సరే, 499 అన్నాం. అక్కడ 68 మిగులుతుంది, 330 మీద కంటే 28 ఎక్కువ. బాగుందనుకునే లోపు ఆ 22 పెద్ద ఆర్డర్లు గుర్తొచ్చాయి. వాళ్లు ఎటూ 500 పైనే కొంటున్నారు, 40 రూపాయల డెలివరీ కిమ్మనకుండా కడుతున్నారు. ఫ్రీ అనగానే ఆ 880 రూపాయలు పోతాయి. ఆ నష్టం పూడాలంటే మధ్య కుప్పలోని 48 మందిలో 30 మందికి పైగా 499 దాకా ఎక్కాలి. అది జరిగే పని కాదు. ఫ్రీ డెలివరీ పెట్టేముందు ఆ గీత పైన ఇప్పటికే ఎంతమంది ఉన్నారో చూడమని నన్నడిగినవాళ్లకు అందుకే చెప్తుంటాను. కొత్తగా ఎక్కేవాళ్ల లాభం అందరికీ కనపడుతుంది, ముందే పైనున్నవాళ్ల దగ్గర పోయేది కనపడదు.

బదులుగా 450 దాటితే 50 గ్రాముల పొడి ప్యాకెట్ రుచికి ఉచితంగా ఇద్దామనుకున్నాను. ఆ వారం ఏ పొడి కొడితే అది, నువ్వుల పొడో అవిసె పొడో. నాకయ్యేది 15 రూపాయలు. 330 నుంచి 450కి ఎక్కిన ఒక్కొక్కరి దగ్గర నాకు అదనంగా 33 మిగులుతుంది, పెద్ద ఆర్డర్లకు పంచే ప్యాకెట్ల ఖర్చు నెలకు 330. పదిమంది ఎక్కితే చాలు. పైగా ఆ ప్యాకెట్ తిన్నవాళ్లు తర్వాతి నెల అదే పొడి 200 గ్రాములు అడగడం మొదలైంది. ఇది నేను ఊహించలేదు. అవిసె పొడి అంతకుముందు మూలన పడి ఉండేది.

ఇక కాంబోల సంగతి. ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలో పనిచేసే మా ఎదురింటి అతను, బాగా పోయే నాలుగింటిని కట్టగట్టి 15 శాతం తగ్గించమని సలహా ఇచ్చాడు. ఆవకాయ, గోంగూర, కంది పొడి, నల్లకారం. విడిగా అయితే 600, కాంబోగా 510. ఫిబ్రవరి చివర రెండు వారాలకని మాత్రమే పెట్టాను. 14 పోయాయి. వాట్సాప్ నిండా ఆర్డర్లు, ఇంట్లో అందరం ఖుషీ.

రెండు వారాలయ్యాక ఆ 14 ఫోన్ నంబర్లను పాత పుస్తకంలో వెతికాను. 9 మంది ఎప్పుడూ ఇవే వస్తువులు, ఇంతే మొత్తానికి కొనేవాళ్లు. అంటే పూర్తి ధరకు కొనే మనిషికి నేనే పిలిచి 90 రూపాయలు తగ్గించాను. 15 శాతం చిన్న మాటలా వినపడుతుంది గానీ, అది అమ్మకం ధర మీద కదా. 600లో నాకు మిగిలే 240లోంచి 90 పోతే మూడో వంతు పైనే ఎగిరిపోయినట్టు. ఉచిత పొడితో సహా అన్ని ఖర్చులూ పోను 133 మిగలాల్సిన చోట 43 మిగిలింది. నిజంగా కొత్తగా పెద్ద ఆర్డర్ పెట్టింది ఐదుగురు. కాంబో హిట్టా ఫట్టా తేల్చాలంటే ఎన్ని పోయాయని చూస్తే సరిపోదు, ఎవరు కొన్నారో చూడాలి. వాళ్లు పోయిన నెల ఏం కొన్నారన్నదే అసలు పరీక్ష.

మార్చిలో వేరే దారి పట్టాను. బాగా పోయేవన్నీ ఒకచోట చేర్చకుండా, జనం ఒకటి కొని రెండోది మర్చిపోయే వాటిని కలపడం. పుస్తకంలో గోంగూర కొన్నవాళ్లను చూస్తే, ఊర మిరపకాయలు తీసుకున్నవాళ్లు చాలా తక్కువ. మన ఇళ్లలో గోంగూర అన్నంలోకి పక్కన వేయించిన ఊర మిరపకాయ లేకపోతే ఎలా? కావాలనే ఉంటుంది, నా దగ్గర దొరుకుతుందని గుర్తుండదు, అంతే. గోంగూర, కంది పొడి, ఊర మిరపకాయలు కలిపి "వేడన్నం సెట్" అన్నాను. విడిగా 380, సెట్ 360. తగ్గింపు 20 రూపాయలే.

"ఇరవయ్యేనా అక్కా?" అని ఒకరిద్దరు నవ్వారు. అయినా పోయింది. ఏం తీసుకోవాలా అని ఆలోచించే పని తప్పినందుకే చాలామంది తీసుకున్నారని నా అంచనా. ఊర మిరపకాయల మీద మాత్రం నాకు సగం మిగులుతుంది కాబట్టి, గోంగూర, ఊర మిరపకాయలతో 250 దగ్గర ఆగిపోయే మనిషి దగ్గర నాకు 16 వస్తుంది. ఈ సెట్ మీద 48.

దానికి నెయ్యి కలిపి ఇంకోటి కూడా పెట్టాను, 470కి. 100 మిల్లీలీటర్ల సీసా విడిగా 120. ఇది కూడా బాగా పోయింది, ఆర్డర్ సగటును ఒక్కసారిగా లేపింది. నెయ్యి నేను కాచేది కాదు, బయట కొని సీసాలో పోసి లేబులు వేసేది. అందుకే దాని మీద నాకు మిగిలేది 24 రూపాయలే. అందులో 10 కాంబో తగ్గింపుకు పోయింది. 450 దాటింది కాబట్టి 15 రూపాయల ఉచిత పొడి కూడా ఇవ్వాలి. కూడితే 470 సెట్ మీద మిగిలింది 47. నెయ్యి లేని 360 సెట్ మీద కంటే ఒక రూపాయి తక్కువ! ఆర్డర్ విలువ 110 పెరిగితే నాకు ఒక రూపాయి పోయింది.

ఏప్రిల్ ఎండలు దాన్ని పూర్తిగా ముగించాయి. అప్పటిదాకా గడ్డకట్టి బుద్ధిగా ఉన్న నెయ్యి ఎండకు కరిగి, బైక్ మీద కుదుపులకు మూత సందుల్లోంచి కారింది. ఒక పెట్టెలో కంది పొడి లేబులు మొత్తం జిడ్డు, అట్టపెట్టె అడుగు మెత్తబడిపోయింది. ఫోటో వచ్చిన వెంటనే మళ్లీ పంపించాం. ఆ ఒక్క పెట్టె ఖర్చు పూడాలంటే ఇంకెన్ని నెయ్యి సెట్లు అమ్మాలో లెక్క వేసి, నెయ్యిని సెట్‌లోంచి తీసేశాను. ఇప్పుడు శనివారం సంచుల్లో మాత్రమే ఇస్తున్నాం, సీసా నిలబెట్టి తీసుకెళ్లొచ్చు కాబట్టి.

ఏప్రిల్‌లో చేసిన ఇంకో పనే నాకు అన్నిటికంటే నచ్చింది: ఆర్డర్ ఖాయమయ్యాక ఇంకొక్క వస్తువు అడగడం. పెట్టె ఎలాగూ వెళ్తోంది, బైక్ డబ్బులు ఎలాగూ కడుతున్నాం. ఆ పెట్టెలో ఇంకో 80 రూపాయల ఊర మిరపకాయల ప్యాకెట్ పడితే, దాని మీద సగానికి సగం, అంటే 40 రూపాయలు నేరుగా నాకే. 330 రూపాయల ఆర్డర్ మొత్తం కష్టపడి పంపితే మిగిలేది కూడా ఆ 40 రూపాయలే!

మొదట్లో ప్యాకింగ్ అమ్మాయి ఆరు వస్తువుల పట్టిక పంపేది. కస్టమర్ "చూసి చెప్తా" అనేవారు, ఆ చెప్పడం సాయంత్రానికి, ఒక్కోసారి మర్నాటికి. ఈలోగా డబ్బు కూడా రాదు, ఖాయమనుకున్న ఆర్డరే చల్లబడిపోయేది. అందుకని ఒకటే వస్తువు, ఒకటే వాక్యం అని తేల్చాం. గోంగూర ఆర్డర్ అయితే: "ఊర మిరపకాయలు 100 గ్రాములు 80 రూపాయలు, కలపమంటారా?" ఆవకాయ అయితే వడియాలు. ఆర్డర్ మొత్తం చెప్పాక, డబ్బు కట్టే క్యూఆర్ పంపడానికి ముందు ఇది అడగాలి. డబ్బు కట్టాక అడిగితే మళ్లీ ఇంకోసారి కట్టాలా అని వద్దంటారు. అర నిమిషంలో జవాబు రాకపోతే క్యూఆర్ పంపేయడమే, రెండోసారి అడగడం లేదు. ఇప్పుడు నలుగురిని అడిగితే సుమారు ఒకరు సరే అంటున్నారు. ఆర్డర్‌లో మూడో వంతు కంటే ఖరీదైన వస్తువు అడిగితే మాత్రం ఎవరూ ఊ అనలేదు.

వెబ్‌సైట్ చేసిపెట్టిన అబ్బాయి ఇంకో దారి చెప్పాడు. ఊర మిరపకాయలకు ముందే టిక్కు పెట్టి ఉంచుదాం, అక్కర్లేనివాళ్లు తీసేసుకుంటారు అని. వద్దన్నాను. మనం అడగకుండా బుట్టలో వేయడం నాకు ఎలాగూ నచ్చదు. పైగా కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే పద్ధతుల మీది మార్గదర్శకాల్లో ఇలా కస్టమర్ ఒప్పుకోకుండా బుట్టలో సరుకు చేర్చడం నిషేధం. చివరి పేజీలో ఛార్జీలు బయటపెట్టడం కూడా అందులోనే ఉంది. చిన్న వ్యాపారమే కదా అని వదిలేసే విషయం కాదు.

ఊరు దాటి వెళ్లే కొరియర్ ఆర్డర్ల దగ్గర ఒక చిన్న సంగతి తెలిసింది. మా కొరియర్ వాళ్లు అరకిలో చొప్పున ఛార్జీ వేస్తారు. ఒక 250 గ్రాముల పచ్చడి పెట్టెతో సహా 400 గ్రాముల చిల్లర తూగుతుంది, అంటే 50 గ్రాముల పొడికి చోటు ఊరికే మిగిలిపోతోంది. అక్కడ పొడి ప్యాకెట్టే అడగాలని తేలిపోయింది. కానీ అదొక్కటే చూస్తే చాలదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే బరువు ఎక్కువైతే దానికే ఛార్జీ. మా పాత పెట్టె 20, 15, 10 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం 600 గ్రాములు. ఖాళీ గాలికి కిలో రేటు కడుతున్నామన్నమాట. 18, 12, 10 పెట్టెకు మారితే 432 గ్రాములకు దిగింది. అదే సీసా, అదే ప్యాకెట్, అరకిలో రేటు. కొత్త పెట్టెలు చేయించుకోవడానికి మాత్రం మూడు వారాలు పట్టింది, తక్కువ సంఖ్యలో చేయమని చిక్‌పేట వైపు దుకాణాల్లో బతిమాలాల్సి వచ్చింది.

మే నెలాఖరుకు మళ్లీ పుస్తకం తీశాను. విడి డెలివరీ ఆర్డర్లు 96. డిసెంబరులో 120 కాబట్టి 24 తగ్గాయి. అమ్మకం 42,540, సగటు 443. ఖర్చులు పోను మిగిలింది 7,584. శనివారం సంచుల డబ్బు దీనికి అదనం.

సగటు 340 నుంచి 443కి వచ్చిందని మా ఆయన ఫోన్లో తమ్ముడికి గొప్పగా చెప్తుంటే, ఊరికే ఉండలేక ఇంకో లెక్క వేశాను. డిసెంబరులో ఆ 50 చిన్న ఆర్డర్లను కాదని చెప్పి, ఇంకేమీ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే సగటు ఎంతయ్యేది? 462. ఇప్పటి దానికంటే ఎక్కువ! చిన్నవాటిని గెంటేస్తే ఎవరి సగటైనా పెరుగుతుంది. అందుకే ఆ అంకెను ఇప్పుడు నేను పెద్దగా పట్టించుకోను. అలా గెంటేసి ఉంటే నెలకు మిగిలేది సుమారు 6,500. ఇప్పుడు మిగిలింది దానికంటే వెయ్యి ఎక్కువ. ఉచిత పొడి, సెట్లు, ఇంకొకటి కలపమంటారా అన్న ప్రశ్న, ఇవన్నీ కలిసి సంపాదించింది ఆ వెయ్యి. ప్యాకింగ్ తొమ్మిదింటికల్లా అయిపోవడం దానికి అదనం.

జూన్‌లో ఇంకో విషయం బయటపడింది. ఏప్రిల్‌లో సెట్ కొన్న పాత కస్టమర్లలో కొంతమంది మేలో కనపడలేదు. పోయారేమో అనుకున్నా. జూన్ మొదటి వారంలో వచ్చారు. ఇంట్లో రెండు నెలలకు సరిపడా పొడి ఉంటే మధ్యలో ఎందుకు కొంటారు? ఒకసారి ఎక్కువ కొనిపిస్తే తర్వాతి ఆర్డర్ వెనక్కి జరుగుతుంది. పొడి, పచ్చడి లాంటి వాటిలో ఇది తప్పదు. అందుకని ఇప్పుడు ఒక్కో నంబర్ దగ్గర మూడు నెలలకు మొత్తం ఎంత వచ్చిందని చూస్తున్నాను. 40 మందిని అలా చూస్తే 27 మంది ముందు మూడు నెలలకంటే ఎక్కువే కొన్నారు. మిగతావాళ్లలో ఎక్కువమంది అదే మొత్తాన్ని తక్కువ సార్లలో కొన్నారు. అది కూడా నాకు మేలే, ప్రతిసారీ 92 రూపాయలు తప్పుతోంది కాబట్టి.

వానలు మొదలయ్యాక బైక్ రేటు సగటు 110కి వెళ్లింది. నా మీద పడేది 112, అంటే 280 లోపు ఆర్డర్లన్నీ మళ్లీ నష్టమే. కనీస మొత్తాన్ని 300 చేయమని ఇంట్లో ఒకటే గొడవ. రెండు పొడులు కొనే మనిషి మళ్లీ ఇరుక్కుంటాడని నేను ఒప్పుకోలేదు. కనీస మొత్తం 250 అలాగే ఉంచి, డెలివరీ ఛార్జీని 40 నుంచి 50 చేశాను. దాంతో గీత 255కి దిగింది. సరిగ్గా 250 ఆర్డర్ మీద రెండు రూపాయలు పోతున్నాయి, పోనివ్వండి అనుకున్నాను. 10 రూపాయలు పెంచినందుకు ఇప్పటిదాకా అడిగింది ఇద్దరే. ఇద్దరినీ శనివారం గ్రూపులో చేర్చాను.